పట్టు, నిలబడటం, ఎత్తడం: పిల్లల బ్యాటింగ్‌కు మొదటి మూడు మెట్లు

వేసవి సెలవులు రాగానే ఊరూరా మైదానాల్లో క్రికెట్ శిబిరాలు మొదలవుతాయి. ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలు కొత్త ప్యాడ్లు కట్టుకుని వరుసలో నిలబడతారు. వాళ్లలో బ్యాటింగ్ బొత్తిగా తెలియనివాళ్లు దాదాపు ఉండరు. డాబా మీదో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో, ఇంటి ముందు సందులోనో టెన్నిస్ బంతితో ఆడి ఆడి వచ్చినవాళ్లే అందరూ. టెన్నిస్ బంతి బాగా లేస్తుంది, బరువు ఉండదు. నడుము ఎత్తున వచ్చే ఆ బంతిని అడ్డంగా ఊపి లెగ్ సైడ్‌కు పంపడం సులువు. అందుకు కింది చేతి బలం ఒక్కటే చాలు. తోలు బంతి అలా కాదు. అది తక్కువగా లేస్తుంది, బరువుగా వస్తుంది, స్టంప్స్ మీదికే వస్తుంది. అడ్డంగా ఊపిన బ్యాట్ ఆ బంతి దారిలో ఒక్క క్షణమే ఉంటుంది. ఆ క్షణం తప్పితే స్టంప్స్ ఎగిరిపోతాయి.

అప్పుడు నెట్ వెనక నిలబడ్డ నాన్న అరుస్తాడు: “స్ట్రెయిట్‌గా ఆడరా!” పిల్లాడికీ అలాగే ఆడాలని ఉంటుంది. కానీ బ్యాట్ అతని మాట వినదు. ఎందుకంటే బ్యాట్ ఎటు దిగాలన్నది అది ఎటు పైకి లేచిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎటు లేవాలన్నది అతను ఎలా నిలబడ్డాడు, హ్యాండిల్‌ను ఎలా పట్టుకున్నాడు అన్న వాటిని బట్టి ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న కోచ్ షాట్ దగ్గర ఆగడు, ఒక్కో మెట్టు వెనక్కి వెళ్తాడు. నేర్పేటప్పుడు మాత్రం వరుస ముందుకు నడుస్తుంది: మొదట గ్రిప్, తర్వాత స్టాన్స్, ఆ తర్వాత బ్యాక్‌లిఫ్ట్.

ఈ వ్యాసంలో చెప్పేదంతా కుడిచేతి వాటం బ్యాటర్ గురించి. అంటే ఎడమ చేయి హ్యాండిల్‌పై పైన, కుడి చేయి కింద. ఎడమచేతి వాటం పిల్లలకు కుడి ఎడమలను మార్చి చదువుకుంటే సరిపోతుంది.

ముందుగా బ్యాట్

గ్రిప్ దిద్దే ముందు చూడాల్సింది పిల్లాడి చేతిలో ఉన్న బ్యాట్. “పెరిగాక కూడా పనికొస్తుంది” అని పదేళ్లవాడికి పెద్దల బ్యాట్ కొనిచ్చే తల్లిదండ్రులు మన దగ్గర చాలామంది. బ్యాట్ పొడవైతే పిల్లాడు దాని బరువు మోయడానికి కింది చేతిని హ్యాండిల్ అడుగుదాకా జార్చుకుంటాడు. రెండు చేతుల మధ్య ఎడం పడుతుంది. ఇక ఎన్నిసార్లు చెప్పినా ఆ చేతులు దగ్గరికి రావు, వస్తే బ్యాట్ లేవదు కాబట్టి.

బ్యాట్‌ను కాలి పక్కన నిలబెడితే హ్యాండిల్ కొస తుంటి కీలు దగ్గరికి రావాలి. పొట్ట దాకా వస్తే అది ఆ పిల్లాడి బ్యాట్ కాదు. బరువు తెలుసుకోవడానికి పై చేత్తో మాత్రమే, అంటే ఎడమ చేత్తో, బ్యాట్‌ను ముందుకు చాపి భుజం ఎత్తున పట్టుకోమనాలి. పది లెక్కపెట్టేలోపే బ్యాట్ కొస కిందికి వాలిపోతే బరువు ఎక్కువైనట్టే. పిల్లల బ్యాట్లలో నాలుగు, ఐదు, ఆరు నంబర్ల సైజులు, వాటి తర్వాత హారో అనే సైజు దొరుకుతాయి. వయసు చూసి కాకుండా ఎత్తు చూసి ఎంచుకోవాలి.

మొదటి మెట్టు: గ్రిప్

పిల్లలకు గ్రిప్‌ను మాటలతో వివరించబోతే వేళ్ల గురించి ఆలోచిస్తూ బిగుసుకుపోతారు. అందుకే కోచ్‌లు ఒక చిన్న ఉపాయం వాడతారు. బ్యాట్‌ను బోర్లా, అంటే బంతిని కొట్టే చదునైన వైపు నేలకు ఆనేలా పెడతారు. హ్యాండిల్ పిల్లాడి వైపు ఉంటుంది. “కట్టెలు కొట్టే గొడ్డలిని తీసుకున్నట్టు రెండు చేతులతో తియ్యి” అంటారు. గొడ్డలి ఎత్తేవాడి చేతులు ఆలోచించకుండానే పక్కపక్కన, ఒకే వరుసలో పడతాయి. బ్యాట్ మీద కూడా అవే పడాలి.

అలా పట్టుకున్నాక కోచ్ చూసేది మూడు విషయాలు. ఒకటి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు చేతుల మీదా ఒక్కో ‘వి’ ఆకారం వస్తుంది. ఆ రెండూ ఒకే గీత మీద ఉండాలి. ఆ గీత బ్యాట్ వెనకున్న వెన్నుకూ బయటి అంచుకూ మధ్యలో పడాలి. పెన్నుతో హ్యాండిల్ మీద సన్నని గీత గీసి పెడితే పిల్లలే సరిచూసుకుంటారు. రెండు, చేతులు హ్యాండిల్ మధ్యభాగంలో ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మూడు, పట్టు బిగువు. ఇది కంటికి వెంటనే కనపడదు, కానీ గ్రిప్‌లో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

పై చేయి గట్టిగా, కింది చేయి వదులుగా ఉండాలి. పై చేతిలో చివరి మూడు వేళ్లు బ్యాట్‌ను మోస్తాయి. కింది చేతిలో బొటనవేలు, చూపుడువేలు చాలు, మిగతా వేళ్లు తోడుగా ఉంటే సరిపోతుంది. సందు క్రికెట్ నుంచి వచ్చిన పిల్లల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. కింది అరచేయి మొత్తం హ్యాండిల్‌కు చుట్టుకుని ఉంటుంది. ఆ చేయి పనిచేయడం మొదలుపెట్టగానే మణికట్టు తిరిగి బ్యాట్ ముఖం లెగ్ సైడ్‌కు మూసుకుంటుంది. నిటారుగా వచ్చిన బంతి అప్పుడు బ్యాట్ బయటి అంచుకు తగిలి ఆఫ్ సైడ్ గాల్లోకి లేస్తుంది. పిల్లాడు మిడ్ వికెట్‌కు కొట్టబోయిన బంతి కవర్స్‌లో క్యాచ్ అవుతుంటే అనుమానించాల్సింది ఈ కింది చేతినే.

కింది చేయి ఎంత బిగుసుకుందో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పిల్లాడు ఆటకు సిద్ధంగా నిలబడ్డాక కోచ్ అతని కింది చేతి వేళ్లను ఒక్కొక్కటే హ్యాండిల్ నుంచి విడదీయబోతాడు. సులువుగా వస్తే పట్టు బాగుంది. లాగినా రాకపోతే, ముంజేయి రాయిలా ఉంటే, చెప్పాల్సింది “వదులు చెయ్యి” అని కాదు. అలా అంటే పిల్లాడు రెండు చేతులూ వదిలేస్తాడు. “కింద రెండు వేళ్లతోనే పట్టుకుని ఈ పది బంతులు ఆడు” అనాలి. రెండు వేళ్లతో అరచేయి బిగించడం సాధ్యం కాదు. కాబట్టి పై చేయి తనంతట తానే పనిలోకి దిగుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. ఇదంతా ఉత్త చేతులతో సరిచేశాక గ్లవ్స్ తొడిగి మళ్లీ చూడాలి. పిల్లల గ్లవ్స్ తరచూ ఒక సైజు పెద్దవై ఉంటాయి. లోపల వేళ్లు జారతాయి కాబట్టి పిల్లాడు భయంతో మళ్లీ అరచేత్తో బిగిస్తాడు.

రెండో మెట్టు: స్టాన్స్

చేతులు కుదిరాక కాళ్ల దగ్గరికి రావచ్చు. స్టంప్స్‌కు 4 అడుగుల ముందు ఉండే గీత పాపింగ్ క్రీజ్. ఆ గీతకు చెరో వైపున ఒక్కో పాదం, గీతకు సమాంతరంగా, భుజాల వెడల్పుకు ఒక పిసరు ఎక్కువ ఎడంతో పెట్టాలి. మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. శరీర బరువు మడమల మీద కాకుండా పాదాల ముందు భాగం మీద పడాలి. బ్యాట్ కొస వెనక కాలి చిటికెన వేలి దగ్గర నేలను తాకుతుంది.

పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు నడుము దగ్గర వంగడం. మోకాళ్లు కర్రల్లా నిలువుగా ఉంచి, నడుము వంచి, తలను ముందుకు, అంటే ఆఫ్ సైడ్‌కు తోస్తారు. తల మన శరీరంలో బరువైన భాగం. అది కాలి వేళ్లను దాటి ముందుకు పోతే, బంతి వచ్చేసరికి శరీరం కూడా అటే పడుతుంది. అలా పడిపోయిన పిల్లాడికి మిడిల్ స్టంప్ మీద వచ్చిన బంతి లెగ్ సైడ్ బంతిలా కనిపిస్తుంది. దాన్ని లెగ్‌కు తిప్పబోతాడు, అది ప్యాడ్‌కు తగులుతుంది, అంపైర్ వేలు ఎత్తుతాడు. ఎల్‌బీడబ్ల్యూ వరసగా అవుతున్న పిల్లాడి తల ఎక్కడుందో ముందు చూడాలి.

తల విషయంలో పిల్లలకు పనికొచ్చే మాట ఒక్కటే: “రెండు కళ్లతోనూ బౌలర్‌ను చూడు.” ఎడమ భుజం బౌలర్ వైపు ఉండి, గడ్డం ఆ భుజం మీదుగా తిరిగితేనే రెండు కళ్లూ సమానంగా నిలుస్తాయి. భుజం మరీ మూసుకుపోయిన పిల్లాడు ఒక కన్నుతోనే చూస్తుంటాడు, కానీ ఆ సంగతి అతనికి తెలియదు. స్టాన్స్‌లో ఉండగా కుడి కన్ను మూయమని, తర్వాత ఎడమ కన్ను మూయమని అడగండి. రెండుసార్లూ బౌలర్ పూర్తిగా కనిపిస్తున్నాడంటే తల సరిగ్గా ఉంది.

నిలకడ చూడటానికి కోచ్ ముందు నుంచి, తర్వాత వెనక నుంచి భుజం మీద అరచేత్తో మెల్లగా నెట్టి చూస్తాడు. ముందు నుంచి నెట్టగానే వెనక్కి తూలితే బరువు మడమల మీద ఉంది. వెనక నుంచి తాకగానే ముందుకు పడిపోతే తల వేళ్లను దాటింది. ఎటు నెట్టినా కాస్త ఊగి అక్కడే నిలబడితే ఇక కాళ్లను కదిలించవద్దు.

స్టాన్స్‌కు ఒకే అచ్చు ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. వెస్టిండీస్ బ్యాటర్ శివనారాయణ్ చందర్‌పాల్ దాదాపు బౌలర్‌కు ఎదురుగా, ఛాతీ తెరుచుకుని నిలబడేవాడు. కానీ బంతి బౌలర్ చేతిని వదిలే సమయానికి పక్కకు తిరిగి మామూలు స్థితికి వచ్చేసేవాడు. మొదట ఎలా నిలబడ్డాడన్నది కాదు, బంతి వదిలే క్షణంలో తల, కాళ్లు ఎక్కడున్నాయన్నదే లెక్క.

మూడో మెట్టు: బ్యాక్‌లిఫ్ట్

బ్యాట్‌ను వెనక్కి ఎత్తడంలో పిల్లలు తెలుసుకోవాల్సినవి మూడు: ఏ చేత్తో, ఎటు, ఎప్పుడు.

ఎత్తేది పై చేయి. ఎడమ చేయి హ్యాండిల్‌ను వెనక్కి తీసుకెళ్తే, కుడి చేయి వెంట వస్తుంది. చేతులు శరీరానికి దగ్గరగా, వెనక తుంటి దాకా వెళ్తాయి. మణికట్లు మడుచుకుని బ్యాట్ కొస పైకి చూస్తుంది. కింది చేయి ఎత్తితే కుడి మోచేయి రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది, బ్యాట్ గల్లీ వైపు దూరంగా పోతుంది. అంత దూరం పోయినది తిరిగి వచ్చేటప్పుడు బంతికి అడ్డంగానే వస్తుంది. పై చేత్తో మాత్రమే బ్యాట్ ఎత్తించి, కింది చేతిని వీపు వెనక పెట్టించి ఆడించే కసరత్తు అందుకే ఉంది.

ఎటు అన్న ప్రశ్నకు పాతకాలం కోచింగ్ జవాబు నేరుగా స్టంప్స్ మీదికి. నేటి కోచ్‌లలో చాలామంది అంత పట్టుదలగా లేరు, దానికి కారణం ఉంది. టెస్టుల్లో 99.94 సగటు సాధించిన డాన్ బ్రాడ్‌మన్ బ్యాట్‌ను నేరుగా వెనక్కి ఎత్తేవాడు కాదు, స్లిప్స్ వైపు ఎత్తి ఒక వంపుతో కిందికి తెచ్చేవాడు. చిన్నతనంలో బౌరల్ ఊళ్లో నీళ్ల ట్యాంకు దిమ్మెకు గోల్ఫ్ బంతిని విసిరి, తిరిగొచ్చినప్పుడు స్టంప్‌తో కొట్టడమే అతని సాధన. దక్షిణాఫ్రికా పరిశోధకుడు హబీబ్ నూర్‌భాయ్, శాస్త్రవేత్త టిమ్ నోక్స్‌తో కలిసి మేటి బ్యాటర్ల వీడియోలు పరిశీలించినప్పుడు కూడా నేరుగా ఎత్తేవాళ్లకన్నా స్లిప్స్ వైపు ఎత్తేవాళ్లే ఎక్కువగా కనిపించారు.

అందువల్ల పిల్లలకు ఇప్పుడు చెప్పదగ్గ గుర్తు ఇది: బ్యాట్ కొస మొదటి స్లిప్, రెండో స్లిప్ మధ్యకు చూడాలి, ముఖం పాయింట్ వైపు తెరుచుకోవాలి, చేతులు మాత్రం ఒంటికి దగ్గరగా ఉండాలి. అక్కడి నుంచి చిన్న వంపుతో దిగి, బంతిని తాకే ముందు ఆ దారిలోకి నిటారుగా రావాలి. పరీక్షించాలంటే పిల్లాడి వెనక, కీపర్ నిలబడే చోట, కోచ్ రెండు స్టంప్‌లు పాతుతాడు. ఒకటి ఆఫ్ స్టంప్‌కు సరిగ్గా వెనక, రెండోది రెండో స్లిప్ నిలబడే వైపు. బ్యాట్ కొస ఆ రెండింటి మధ్యకు చూస్తే చాలు.

ఎప్పుడు అన్నది అందరూ ఆలస్యంగా నేర్చుకుంటారు. బంతి వదిలాక ఎత్తడం మొదలుపెడితే, ఎత్తడానికీ దించడానికీ కలిపి సమయం చాలదు. తొందరలో కింది చేయి లాగేస్తుంది. బౌలర్ ఆఖరి గెంతు వేసినప్పుడు బ్యాట్ కదలడం మొదలై, బంతి వదిలేసరికి పైన సిద్ధంగా ఉండాలి. పిల్లలు పాటించగల సైగ ఒకటుంది: “గెంతితే ఎత్తు.” కోచ్ బంతి లేకుండా పరుగెత్తి వచ్చి గెంతుతాడు, పిల్లాడు బ్యాట్ ఎత్తి ఆగుతాడు. బంతి లేదు కాబట్టి కొట్టాలన్న ఆత్రం ఉండదు.

ఒక పిల్లాడిని దిద్దే క్రమం

ఇదంతా కలిపితే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణలో చూద్దాం. పదకొండేళ్ల కుర్రాడు. సందులో సిక్సర్ల వీరుడు. నెట్స్‌లో మాత్రం పది నిటారైన బంతుల్లో ఆరేడు మిడ్ వికెట్ వైపు లాగుతాడు. ఒకటో రెండో అంచుకు తగిలి కవర్స్ మీదికి లేస్తాయి. మిగిలినవి బ్యాట్‌కూ ప్యాడ్‌కూ మధ్య నుంచి దూరి స్టంప్స్‌కు తగులుతాయి.

కోచ్ ముందు ఏమీ అనడు. ఫోన్‌ను పిల్లాడి వెనక ఒకసారి, పక్కన ఒకసారి పెట్టి కొన్ని బంతులు స్లో మోషన్‌లో తీస్తాడు. వెనక నుంచి చూస్తే బ్యాట్ గల్లీ దాటి పోతోంది, కుడి మోచేయి బయటికి ఉంది. పక్క నుంచి చూస్తే బౌలర్ బంతి వదిలాకే బ్యాట్ లేస్తోంది, తల ముందుకు వాలింది. ఇక చేతులు చూస్తాడు: హ్యాండిల్ మీద వాటి మధ్య మూడు వేళ్లంత ఎడం. బ్యాట్ నిలబెట్టి చూస్తే పొట్ట దాకా ఉంది.

ఇన్ని తప్పులూ ఒకేసారి చెబితే ఆ కుర్రాడు బంతిని కూడా చూడలేడు. అందుకే అతనికి కనిపించే మార్పు ఒక్కటే: బ్యాట్ మార్చడం. ఐదో నంబర్ బ్యాట్ ఇవ్వగానే చేతుల మధ్య ఎడం సగానికి తగ్గుతుంది. మొదటి వారం మొత్తం గ్రిప్ మీదే, బౌలింగ్ లేదు. బంతిని చిన్న కోన్ మీద పెట్టి, కింద రెండు వేళ్ల పట్టుతో మిడ్ ఆఫ్ వైపు కొట్టిస్తారు. రెండో వారం స్టాన్స్: కోచ్ పక్కన నిలబడి బంతిని కళ్ల ముందు నుంచి జారవిడుస్తాడు, పిల్లాడు తల కదపకుండా కొడతాడు. మూడో వారం కింది చేత్తో వేసే బంతులు, “గెంతితే ఎత్తు” సైగతో కలిపి. ఆ తర్వాతే త్రోడౌన్‌లు, చివరికి బౌలింగ్.

మూడో వారానికి వచ్చేసరికి ఆశ్చర్యం ఏమిటంటే, బ్యాక్‌లిఫ్ట్ దిక్కును ఎవరూ దిద్దకపోయినా చాలావరకు అది సర్దుకుని ఉంటుంది. కింది చేయి వదులైంది కాబట్టి మోచేయి లోపలికి వచ్చింది, మోచేయి లోపలికి వచ్చింది కాబట్టి బ్యాట్ గల్లీ దాకా పోవడం లేదు. మిగిలింది ఆలస్యం ఒక్కటే. మొదట బ్యాక్‌లిఫ్ట్‌తోనే మొదలుపెట్టి ఉంటే రోజూ “స్ట్రెయిట్‌గా ఎత్తు” అంటూనే ఉండాల్సి వచ్చేది, బిగిసిన ఆ కింది చేయి రోజూ లాగేస్తూనే ఉండేది.

ఈ మధ్యలో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మొదటి రెండు వారాలు షాట్‌లో బలం తగ్గుతుంది. ఇన్నాళ్లూ అతనికి ఉన్న బలమంతా కింది చేతిది, దాన్నే ఇప్పుడు పక్కన పెట్టించాం. “ఇంతకు ముందే బాగా కొట్టేవాడండీ” అని నాన్న నొచ్చుకునేది ఈ దశలోనే. పై చేయి పనిలో పడ్డాక కింది చేయి బంతిని తాకే సమయానికి మళ్లీ తన బలం కలుపుతుంది. అప్పుడు బంతి బౌలర్ పక్క నుంచి నేల మీదుగా వెళ్తుంది.

బాగుపడుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి అందమైన షాట్ల కోసం చూడక్కర్లేదు. నిటారైన పది బంతులు వేసి అవి మిడ్ ఆఫ్, మిడ్ ఆన్ మధ్య ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టాలి. వేగం పెంచగానే ఆ లెక్క పడిపోతే, పాత గ్రిప్ తిరిగొచ్చిందని అర్థం. కంగారు పడకుండా ఒక మెట్టు కిందికి దిగి, త్రోడౌన్‌లకో, కింది చేతి బంతులకో వెళ్లాలి. అక్కడ కుదిరాక మళ్లీ పైకి ఎక్కాలి.

ఎక్కడ ఆపాలి

పై గుర్తులన్నీ దారి చూపేవే, శిలాశాసనాలు కావు. లెగ్ స్టంప్ మీద పడిన బంతిని ఆ కుర్రాడు మణికట్టుతో తిప్పి కొడుతుంటే దాన్ని చెరిపేయకూడదు. ఆఫ్ స్టంప్ బయటి బంతిని కూడా మణికట్టుతో లెగ్ సైడ్‌కు పంపగలగడమే మన హైదరాబాద్ బ్యాటర్లు అజహరుద్దీన్, వీవీఎస్ లక్ష్మణ్‌ల చేతుల్లో ఒక ఆయుధమైంది. ఏ బంతిని తిప్పాలో ఎంచుకుని తిప్పడం వేరు, బ్యాట్ తనంతట తానే తిరిగిపోవడం వేరు. కోచ్ ఆపాల్సింది రెండోదాన్ని.

ఎక్కడ ఆపాలన్న దానికి సచిన్ టెండూల్కర్ గ్రిప్ మంచి పాఠం. చిన్నతనంలో అన్న అజిత్ పెద్ద బ్యాట్‌తో ఆడటం వల్ల అతనికి హ్యాండిల్ అడుగున పట్టుకోవడం అలవాటైంది. పుస్తకాల ప్రకారం అది దిద్దాల్సిన తప్పే. కొందరు కోచ్‌లు మార్చమని సూచించారు, సచిన్ ప్రయత్నించాడు, కానీ కొత్త పట్టు అతని చేతులకు నప్పలేదు. పాత పట్టే అలాగే ఉండిపోయింది. ఆ పట్టుతోనే బ్యాట్ నిటారుగా దిగుతోంది, తల నిలకడగా ఉంది, బంతి అతను అనుకున్న చోటికే వెళ్తోంది. ఆ మూడూ జరుగుతున్నప్పుడు గ్రిప్‌ను అచ్చుగుద్దినట్టు మార్చాల్సిన పని కోచ్‌కు ఉండదు. ఆ మూడింటిలో ఏది తప్పినా మళ్లీ చూడాల్సింది చేతుల నుంచే.